అబద్ధం ఎప్పుడు న్యాయమవుతుంది? ఈ వైపు వాదించే ప్రసంగం ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ కూలుతుంది

క్లుప్తంగా: "కొన్నిసార్లు అబద్ధం చెప్పడం నైతికంగా సరైనదే" అని వాదించేవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది తమ వాదన బలహీనమై కాదు, దాన్ని మరీ వెడల్పు చేసి. అడిగేవాడు జవాబును ఇంకొకరి మీద దాడికి వాడబోతున్నాడు, ఊరుకున్నా అతనికి జవాబు తెలిసిపోతుంది, చెప్పేవాళ్లకు అందులో సొంత లాభం లేదు. ఈ మూడూ కలిసిన చోట వాదన గట్టిగా నిలుస్తుంది. పెళ్లిసంబంధాలు, ప్లాట్ల అమ్మకాలు, ఆస్పత్రిలో దాపరికాలు ఈ గీత బయటే ఉంటాయి.

ఓటమి మొదలయ్యే చోటు

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో వక్తృత్వ పోటీలకు ఈ అంశం ఇస్తే అనుకూలంగా మాట్లాడేవాళ్లు ఎక్కువమంది ఒకే దారిలో వెళ్తారు. అందరూ రోజూ అబద్ధాలు ఆడుతూనే ఉంటారు కదా అని మొదలుపెడతారు, "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయాలి" అన్న సామెత వేస్తారు, ఆ తర్వాత పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి చెప్పిన పద్యం ఎత్తుకుంటారు:

వారిజాక్షులందు వైవాహికములందు
ప్రాణ విత్త మాన భంగమందు
చకిత గోకులాగ్ర జన్మ రక్షణమందు
బొంక వచ్చు నఘము పొంద దధిప!

పద్యం అందుకోగానే హాల్లో చప్పట్లు పడతాయి, కానీ అవతలి వక్తకు సగం పని అక్కడే తేలికైపోతుంది. మొదటిది, అందరూ చేస్తున్నారు అన్నది సమర్థన కాదు, లంచం కూడా చాలామంది ఇస్తున్నారు. రెండోది, ఆ సలహాను బలి ఒప్పుకోలేదు. రాజ్యం పోయినా మాట తప్పనన్నాడు, జనం మనసులో నిలిచింది ఆయనే. మూడోదే అసలు దెబ్బ. ఆ పద్యంలో ప్రాణం పక్కనే డబ్బు ఉంది, పెళ్లి ఉంది. డబ్బు పోయేటప్పుడు అబద్ధం చెప్పొచ్చంటే లిటిగేషన్‌లో ఉన్న ప్లాట్‌ను క్లియర్ టైటిల్ అని అమ్మినవాడు కూడా ఇదే పద్యం చదువుతాడు. పెళ్లి విషయమైతే చట్టమే వేరేగా ఉంది, 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 ప్రకారం ముఖ్యమైన విషయం దాచి మోసంతో సమ్మతి తీసుకుంటే ఆ పెళ్లిని కోర్టులో రద్దు చేయించుకోవచ్చు.

కాబట్టి ఈ పద్యం వాడాలనుకునే వక్త అందులో ప్రాణం ఒక్కటే తనదని, మిగతావి తాను సమర్థించడం లేదని ముందే చెప్పేయాలి. జాబితాను చిన్నది చేసుకోవడం బలహీనతలా కనిపిస్తుంది గానీ, నిజానికి అవతలివాళ్లు వేద్దామనుకున్న ప్రశ్నల్లో చాలా భాగం దాంతోనే పోతాయి.

ఒక గుమ్మం, ఒక ప్రశ్న

ప్రసంగానికి వెన్నెముకగా పది ఉదాహరణలు అక్కర్లేదు, ఒక్కటి చాలు, కానీ దాన్ని అడుగు అడుగునా చూపించాలి. ఇలా ఊహించుకోవచ్చు. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటి పై పోర్షన్. భర్త చేతిలో దెబ్బలు తిన్న ఒకామె తెనాలి నుంచి పారిపోయి వచ్చి సాయంత్రం నుంచి తన స్నేహితురాలి ఇంట్లో లోపలి గదిలో ఉంది. ఈసారి కనపడితే చంపేస్తానని భర్త అన్న సంగతి ఆ స్నేహితురాలికి తెలుసు. రాత్రి తొమ్మిదింటికి అతను తలుపు కొట్టి చాలా మామూలుగా, "అక్కా, మా ఆవిడ ఇటుగానీ వచ్చిందా? బాబుకి జ్వరంగా ఉంది, ఫోన్ ఎత్తట్లేదు" అంటాడు.

ఆ గుమ్మం దగ్గర ఉన్న దారులు నాలుగో ఐదో. నిజం చెప్తే ఏం జరుగుతుందో వివరించక్కర్లేదు. "నేను చెప్పను" అనొచ్చు. ఇది నిజాయతీగానే ఉంది, కానీ రానివాళ్ల గురించి ఎవరూ "చెప్పను" అనరు, "రాలేదు" అంటారు. అంటే ఆ మాట విన్న క్షణంలో అతనికి జవాబు దొరికిపోయింది. ఏమీ మాట్లాడకుండా నిలబడ్డా అంతే. తలుపు వేసేసి 112కి ఫోన్ చేయొచ్చు, చేయాలి కూడా, కానీ పోలీసులు వచ్చేలోపు ఆ తలుపు ఎంతసేపు ఆగుతుందన్నది ఒక ప్రశ్న, వాళ్లు పంపించేశాక రేపు సందు చివర అతను కాపు కాయడన్నది ఎవరు చెప్పగలరు అన్నది ఇంకొకటి.

ఇంకో దారి మెలిక మాట. "నేను ఇప్పుడే ఆఫీసు నుంచి వచ్చానండీ" లాంటిది. అక్షరాలా నిజమే. కానీ ఇది నిలిచేది అతను రెండో ప్రశ్న వేయనంత వరకే. "అంటే ఇంట్లో లేదనా?" అని సూటిగా అడిగాడంటే మెలిక అయిపోయింది, మళ్లీ ఔను కాదు దగ్గరికే రావాలి.

మిగిలింది "రాలేదు" అన్న ఒక్క మాట. ఇక్కడ వక్తలు సాధారణంగా వదిలేసే వివరం ఒకటుంది. "రాలేదు" దగ్గర ఆగడం వేరు, "రాలేదు, వాళ్ల అమ్మావాళ్ల ఊరెళ్లి ఉంటుంది" అనడం వేరు. రెండో వాక్యం ఆ కోపాన్ని తీసుకెళ్లి ఇంకో ముసలి దంపతుల గుమ్మంలో పెడుతుంది. కాపాడటానికి ఎంత అబద్ధం కావాలో అంతే చెప్పాలి, అతన్ని ఏ దిక్కుకూ పంపకూడదు. ప్రసంగంలో ఈ ఒక్క వివరం చెప్పిన వక్తను అవతలివాళ్లు "మీరు అబద్ధానికి గేట్లు తెరుస్తున్నారు" అని అనడం కష్టం.

కౌశికుడు, కాంట్: ఇద్దరికీ ఇదే గుమ్మం

ఈ కేసు కొత్తది కాదు. మహాభారతం కర్ణపర్వంలో గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఒక శపథం ఉంటుంది, కోపంలో ధర్మరాజు ఆ మాటే అంటాడు, అర్జునుడు కత్తి తీస్తాడు. అప్పుడు కృష్ణుడు చెప్పే కథ కౌశికుడిది. ఎప్పుడూ సత్యమే చెప్తానని వ్రతం పట్టిన తపస్వి. దొంగలు తరుముతుంటే కొంతమంది అతని ఆశ్రమం పక్క అడవిలో దాక్కుంటారు, దొంగలు వచ్చి వాళ్లెటు వెళ్లారని అడుగుతారు, ఇతను ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. వాళ్లంతా చచ్చిపోతారు. కౌశికుడు నరకానికి పోతాడు.

కథ చాలామందికి తెలుసు, దానికి కృష్ణుడు జోడించిన క్రమం మాత్రం తక్కువమంది గమనిస్తారు. మాట్లాడకుండా తప్పించుకోగలిగితే అసలు మాట్లాడొద్దు. తప్పక మాట్లాడాల్సి వస్తేనో, లేదా మాట్లాడకపోవడమే అవతలివాడికి అనుమానం తెప్పిస్తేనో, అప్పుడు అబద్ధమే మేలు. అంటే మొదటి మెట్టు మౌనం, అబద్ధం చివరి మెట్టు, మధ్యలో గీత ఎక్కడుందంటే మౌనమే జవాబైపోయిన చోట. బ్రాడీపేట గుమ్మం దగ్గర జరిగింది సరిగ్గా అదే.

1797లో ఇదే కేసు మీద యూరప్‌లో వాదన నడిచింది. హంతకుడు తలుపు కొట్టి నీ స్నేహితుడు లోపల ఉన్నాడా అని అడిగితే అప్పుడు కూడా నిజమే చెప్పాలా అన్నది ప్రశ్న. ఫ్రెంచ్ రచయిత బెంజమిన్ కాన్‌స్టంట్, నిజం వినే హక్కు ఉన్నవాడికే నిజం చెప్పే బాధ్యత ఉంటుంది, ఇంకొకరికి హాని చేసే నిజం మీద ఎవరికీ హక్కు లేదన్నాడు. జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ దానికి జవాబు రాసి, అప్పుడు కూడా అబద్ధం తప్పే అన్నాడు. ఒకటి గమనించాలి, కాంట్ మౌనాన్ని తప్పుపట్టలేదు. ఔననో కాదనో చెప్పక తప్పని పరిస్థితి అనుకునే ఆ మాట అన్నాడు. అంటే కృష్ణుడు గీత గీసిన చోటే కాంట్ కూడా నిలబడి, రెండో వైపు తిరిగాడు. అందుకే ఈ వైపు ప్రసంగానికి అసలు ప్రత్యర్థి ఆయనే.

"నీ అబద్ధం వల్లే చచ్చిపోతే?"

కాంట్ వేసిన మొదటి ప్రశ్న ఇది. నువ్వు లేదన్నావు, ఈలోగా లోపలున్న మనిషి నీకు తెలియకుండా వెనక మెట్ల మీద నుంచి దిగిపోయింది, అతను వెనక్కి తిరిగి వెళ్తూ సందులో ఆమెకు ఎదురయ్యాడు. నిజం చెప్పి ఉంటే అతను ఇంట్లో వెతుకుతూ ఉండిపోయేవాడు, ఆమె బతికేది. కాబట్టి ఆ చావుకు నువ్వు బాధ్యుడివి అంటాడాయన. నిజం చెప్పినవాడు తన ధర్మం చేశాడు కాబట్టి ఫలితం అతని మీదకు రాదు.

దీనికి "అలా జరిగే అవకాశం తక్కువ" అని జవాబిస్తే చాలదు, కాంట్ సంఖ్యల గురించి అడగలేదు. రెండు మెట్లలో చెప్పాలి. మొదటిది, ఏం జరుగుతుందో తెలియకపోవడం రెండు వైపులా ఉంది, కానీ సమానంగా లేదు. లోపల ఉందని తెలిసి "ఉంది" అనడం ఆ క్షణంలో అందుబాటులో ఉన్న సమాచారం ప్రకారం ఆమెను అప్పగించడమే. మనిషిని తప్పుపట్టేది ఆ క్షణంలో తెలిసినదాన్ని బట్టి గానీ, తర్వాత బయటపడిన వెనక మెట్లను బట్టి కాదు. రెండోది, చంపాలని నిర్ణయించుకున్నవాడు ఒకడు మధ్యలో ఉన్నాడు. కాంట్ లెక్కలో ఆ బాధ్యత అతని మీద నుంచి జారి, కాపాడాలని చూసిన మనిషి మీద పడుతోంది. ఇది ఒప్పుకోలేం. పై నుంచి, ముందు చెప్పిన "రాలేదు" దగ్గర ఆగడం ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. అతన్ని ఫలానా వైపు వెళ్లమని పంపి ఉంటే కాంట్ ప్రశ్నకు నిజంగానే కొంత బలం ఉండేది.

"అందరూ ఇలాగే అనుకుంటే మాటకు విలువేముంటుంది?"

ఇది ఇంకా లోతైన అభ్యంతరం. అబద్ధం పనిచేసేదే జనం మాటను నమ్ముతారు కాబట్టి. అవసరమైతే అబద్ధం చెప్పొచ్చు అన్నది అందరి నియమమైతే ఎవరూ ఎవరినీ నమ్మరు, అప్పుడు ఆ అబద్ధం కూడా పనిచేయదు. తన కాళ్లను తానే నరుక్కునే నియమం ఇది అంటారు.

జవాబు నియమం ఎంత ఇరుకుగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. బెంజ్ సర్కిల్ దగ్గర అంబులెన్స్ రెడ్ సిగ్నల్ దాటి పోతుంది, అది దాటుతుందని అందరికీ తెలుసు, అయినా సిగ్నల్ మీద నమ్మకం ఎవరికీ పోలేదు. ఎందుకంటే ఆ మినహాయింపు దాపరికం కాదు, ఎవరికి ఎప్పుడు వర్తిస్తుందో జనానికి ముందే తెలుసు. "చంపడానికి వెతికేవాడికి దాక్కున్నవాళ్ల జాడ చెప్పం" అన్నది కూడా అలా బయటికి ప్రకటించగల నియమమే. ఇది తెలిసినంత మాత్రాన కూరగాయల కొట్లో లెక్క మీదో, పక్కింటివాళ్ల మాట మీదో ఎవరికీ అనుమానం రాదు.

"మరి అది ఆ భర్తకు కూడా తెలుస్తుంది కదా, అప్పుడు మీ అబద్ధాన్ని వాడెందుకు నమ్ముతాడు?" అని అవతలివాళ్లు ఇంకో మెట్టు ఎక్కుతారు. ఇక్కడ అమెరికన్ తత్వవేత్త క్రిస్టీన్ కోర్స్‌గార్డ్ 1986లో చూపించిన మెలిక పనికొస్తుంది. అలా వచ్చేవాడు తన ఉద్దేశం చెప్పి అడగడు. చంపడానికి వచ్చాను, ఎక్కడుంది అని ఎవరూ అనరు, బాబుకి జ్వరం అంటారు. అంటే మొదటి అబద్ధం అతనిది. తన సంగతి ఎదుటివాళ్లకు తెలియదనే నమ్మకంతో వచ్చాడు కాబట్టి, ఆ నియమం లోకమంతా తెలిసినా, ఇక్కడ తన మీద వాడుతున్నారని అతనికి తట్టదు.

ఒకవేళ తట్టిందే అనుకుందాం. ఇలాంటివాళ్లెవరూ గుమ్మాల దగ్గర వినే జవాబులను నమ్మరనే అనుకుందాం. అప్పుడు పోయేదేమిటి? అడిగి జాడ తెలుసుకోవడం అన్న దారి వాళ్లకు మూసుకుపోతుంది. దాక్కున్నవాళ్లకు దానివల్ల కొత్తగా నష్టమేమీ లేదు. ఈ నియమం అందరూ పాటిస్తే కూలిపోయేది నమ్మకం కాదు, హంతకుడి వాకబు. కాంట్ ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు, ప్రసంగంలో ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వాలి.

"నిజంతోనే తప్పించుకోవచ్చు కదా"

అశ్వత్థామ హతః, ఆ తర్వాత మెల్లగా కుంజరః. అక్షరం తప్పకుండా నిజం. కాబట్టి అబద్ధం అక్కర్లేదు, మాటలు జాగ్రత్తగా ఎంచుకుంటే చాలు అంటారు.

కాంట్ తానే ఈ పని చేశాడు. 1794లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ విలియం మతం మీద ఆయన రాతలు ఆపమని ఆదేశిస్తే, "మీ అత్యంత విధేయుడైన ప్రజగా" ఇక రాయనని మాటిచ్చాడు. రాజు 1797లో పోయాడు. మరుసటి ఏడాది కాంట్ మళ్లీ మతం మీద అచ్చు వేస్తూ, ఆ మాట ఆ రాజు బతికున్నంత వరకే వర్తించాలని కావాలనే అలా రాశానని చెప్పుకున్నాడు. రాజు మాత్రం ఆ మాటను జీవితాంతపు హామీగానే తీసుకుని ఉంటాడు.

మెలిక మాటదీ అబద్ధానిదీ పని ఒక్కటే, లేనిది ఉన్నట్టు ఎదుటివాడి బుర్రలో పడేయడం. తేడా చెప్పినవాడి మనసుకు దొరికే ఊరటలో మాత్రమే ఉంది. భారతం కూడా ధర్మరాజుకు ఆ ఊరట ఇవ్వలేదు. నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో నడిచే ఆయన రథం ఆ మాటతో నేలకు దిగింది.

అయితే ఈ వైపు వక్తలు అశ్వత్థామ కథను తమ సాక్ష్యంగా వాడుకోవడం పెద్ద పొరపాటు. ద్రోణుడు నిజం అడిగింది ధర్మరాజు మాట మీద నమ్మకంతో, కొడుకు బతికున్నాడో లేడో తెలుసుకోవడానికి. ఆ మాట ఆయన చేత ఆయుధం కింద పెట్టించింది, తర్వాత ఆయన తల తెగింది. అది మనిషిని పడగొట్టడానికి వాడిన మాట, కౌశికుడు చెప్పకుండా పోయింది మనుషుల్ని కాపాడే మాట. రెంటినీ ఒకే గాటన కట్టిన వక్త తన కేసును తానే పాడుచేసుకుంటాడు.

"ఎవరి కేసు వాళ్లకు ప్రత్యేకమే"

నిజజీవితంలో ఎక్కువ హాని చేసేది ఈ జారుడే కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అబద్ధం చెప్పేవాడే జడ్జి కూడా అయితే ప్రతి తీర్పూ అతనికి అనుకూలంగానే వస్తుంది. స్వీడన్‌లో పుట్టిన అమెరికన్ తత్వవేత్త సిసెలా బోక్ దీనికి ఒక పరీక్ష పెట్టింది. నీ కారణాన్ని నలుగురు వివేకవంతుల ముందు, మోసపోయినవాళ్ల స్థానం నుంచి కూడా ఆలోచించే మనుషుల ముందు, బయటపెట్టి నిలబడగలవా? బ్రాడీపేట స్నేహితురాలు మర్నాడు వీధంతటికీ, పోలీసులకూ, చివరికి ఆ భర్త తల్లిదండ్రులకూ "అవును, లేదని చెప్పాను" అని చెప్పగలదు. ప్లాట్ అమ్మినవాడు కొన్నవాడి ముందు ఆ మాట చెప్పలేడు.

ఈ పరీక్షలో మంచి మనసుతో చెప్పే అబద్ధాలు కూడా కొన్ని పడిపోతాయి. మన దగ్గర బాగా కనపడేది ఆస్పత్రిది. ఇంటి పెద్దకు క్యాన్సర్ అని తేలితే "నాన్నకు మాత్రం చెప్పొద్దు డాక్టర్ గారూ, తట్టుకోలేరు" అంటారు పిల్లలు. ప్రేమ నిజమే. కానీ ఇక్కడ అడిగేవాడు దాడి చేసేవాడు కాదు, ఆ ఒంటి యజమాని. తలుపు దగ్గర తొందర లేదు, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారని ఆయన్నే మెల్లగా అడిగే సమయం ఉంది. రోగం తీవ్రతను ఎక్కువ చేసీ చెప్పకూడదు, తక్కువ చేసీ చెప్పకూడదని వైద్యుల వృత్తి నియమావళి 2002 నుంచీ అంటోంది. పైగా కీమో వార్డులో పక్క బెడ్ వాళ్ల మాటల్లో ఆయనకు ఎలాగూ తెలుస్తుంది, అప్పటికి పొలం కాగితాలు సర్దుకోవడానికో, ఎవరితోనో మాట్లాడుకోవడానికో ఉన్న నెలలు అయిపోయి ఉంటాయి. ఈ ఉదాహరణను ప్రసంగం సమర్థనలో వాడకూడదు, తన గీత బయట పెట్టాలి.

కోర్టు కూడా గీత బయటే. ప్రమాణం చేసి అబద్ధ సాక్ష్యం చెప్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. అక్కడ అడిగేవాడికి నిజం మీద హక్కు ఉంది, జవాబును పరీక్షించే పద్ధతి ఉంది, తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనక్కర్లేదని నిందితుడికి రాజ్యాంగంలోని 20వ అధికరణ మౌనం అనే దారి కూడా ఇచ్చింది.

బలి, హరిశ్చంద్రుడు మిగిలారు

తెలుగు సభలో అవతలి వక్త చివరికి దాచుకునేది వీళ్లనే. రాజ్యం పోయినా మాట తప్పలేదు వాళ్లు, మీరు చిన్న ఇబ్బందికే తప్పుతానంటారా అని గొంతు పెంచుతాడు.

వీళ్లిద్దరిదీ ఇచ్చిన మాట, ఎవరి జాడో చెప్పే జవాబు కాదు. బలి ఇస్తానన్నాడు, ఇచ్చాడు, పోయింది ఆయన సొంత రాజ్యం. తన సత్యానికి ఖరీదు తానే కట్టాడు కాబట్టే ఆయన గొప్పవాడు. కౌశికుడి సత్యానికి ఖరీదు కట్టింది అడవిలో దాక్కున్నవాళ్లు. అతని చేతికి ఏమీ అంటలేదు, అతని వ్రతం కూడా చెడలేదు, వాళ్లు మాత్రం చచ్చిపోయారు.

హరిశ్చంద్రుడి సంగతి ఇంత సులువు కాదు. ఆయన మాటకు ఖరీదు కట్టినవాళ్లలో చంద్రమతి ఉంది, పసివాడు లోహితాస్యుడు ఉన్నాడు. బలితో పోల్చి దాటేద్దామనుకుంటే చురుకైన ప్రత్యర్థి అక్కడే పట్టుకుంటాడు. అప్పుడు వెనక్కి తగ్గనక్కర్లేదు, ఆ ప్రశ్నను తిప్పి ఆ ప్రత్యర్థినే అడగొచ్చు: సంతలో అమ్ముడుపోయిన ఆ తల్లీకొడుకుల సమ్మతి ఎవరు తీసుకున్నారు?